నూట పదమూడో లైను బాధ్యుడు

నా చేతికొచ్చిన రిజిస్టరులోంచి ఒక్క లైను కూడా నా కళ్ళు కప్పి జారిపోలేదు. ఈ మాట ఎవరి ముందైనా గుండెల మీద చెయ్యి వేసుకుని చెబుతాను. చదివింది ఊరి బళ్ళోనే కావచ్చు. కానీ మా పంతులుగారు ఎక్కాలు చెబుతుంటే పక్క పొలంలో దున్నుతున్న ఎద్దులు కూడా పదహారో ఎక్కం దాకా నేర్చేసుకున్నాయి. పదహారో ఎక్కం దగ్గర మాత్రం అవి నాకంటే ఒక అడుగు ముందుండేవి, అది ఒప్పుకుంటాను.

రిటైరయ్యాక ఇంట్లో కూర్చుంటే కుర్చీకి వేళ్ళు మొలుస్తాయని భయపడి, కొత్తగా కడుతున్న ఆసుపత్రి ప్రాజెక్టు ఆఫీసులో కుదిరాను. ఎనిమిది అంతస్తుల భవనం. మా ఆఫీసు నేలమాళిగలో, జనరేటరు గది పక్కన. అక్కడ అందరూ నన్ను తాతగారు అనేవాళ్ళు, మా అబ్బాయి వయసున్న వాళ్ళు కూడా.

నా పని రిస్క్ రిజిస్టరు చూడటం. భవనం కట్టి, పాత ఆసుపత్రి నుంచి రోగుల్ని అందులోకి మార్చేలోగా ఏమేం చెడిపోవచ్చో, ఒక్కోటి ఒక్కో లైనుగా రాసి పెట్టుకున్న పట్టిక అది. నూట ఎనభై ఆరు లైన్లు. లిఫ్టులు సమయానికి రాకపోవడం, కరెంటు పోయినప్పుడు జనరేటరు అందుకోకపోవడం, చివరికి వార్డుల ముందు పేర్ల బోర్డులు ఆలస్యం కావడం దాకా అన్నీ ఉండేవి. ప్రతి లైనుకూ ఒక బాధ్యుడు, అతను చేయాల్సిన నివారణ పని, దానికో గడువు. మార్కులు కూడా ఉండేవి. జరిగితే దెబ్బ ఎంత పెద్దదో ఐదుకి, జరిగే అవకాశం ఎంతో ఐదుకి, రెండూ హెచ్చవేస్తే వచ్చేది మార్కు. ఆ మార్కు రెండుసార్లు వేస్తాం, నివారణకు ముందు ఒకటి, తర్వాత ఒకటి.

ఈ నూట ఎనభై ఆరు లైన్లనూ నెలకోసారి స్టీరింగ్ కమిటీ ముందు పెట్టాలి. కమిటీలో తొమ్మిదిమంది పెద్దలు, ఒక్కొక్కరికీ తలా వంద పనులు. అంత పట్టిక చదివే ఓపిక వాళ్ళకెక్కడిది? అందుకని దాన్ని పిండి ఒక్క పేజీ చేస్తాను. నివారణ తర్వాత కూడా పన్నెండు మార్కులకు తగ్గని వాటిలో పైనున్న ఏడు రిస్కులు, వాటి బాధ్యులు, నివారణ ఎంతదాకా వచ్చింది, కింద గడువు దాటిన పనులు. ఆ పేజీలో ఉన్నదే కమిటీకి కనబడుతుంది. లేనిది లోకంలోనే లేనట్టు.

మొదటి నెలలో ఒక తలనొప్పి ఉండేది. బాధ్యులు సమయానికి జవాబివ్వరు. 'పని ఎంతదాకా వచ్చింది' అనే గడి ఖాళీగా ఉంటే కమిటీలో నా మీద విరుచుకుపడేవారు. అప్పుడు నా బుర్రకు ఒక ఉపాయం తట్టింది. కంప్యూటరు కుర్రవాడిని పట్టుకుని షీటులో ఒక సూత్రం పెట్టించాను. ప్రతి నెలా మొదటి సోమవారం బాధ్యుడికి మెయిలు పోతుంది. మూడు రోజుల్లో జవాబు రాకపోతే, పోయిన నెల అతనిచ్చిన జవాబునే కొత్త తేదీ వేసి షీటు తనంతట తనే ఎక్కించుకుంటుంది. పని పూర్తి కాలేదు కాబట్టి గడువును కూడా ఒక నెల పొడిగించుకుంటుంది. ఆఫీసులో దీన్ని 'తాత సూత్రం' అనేవారు. ఆ తర్వాత నా పట్టికలో ఖాళీ గడి అన్నది కనబడలేదు. నేను కాలరెగరేసుకుని తిరిగాను.

ఆ వారం గురువారం కమిటీ. ఆ వచ్చే ఆదివారం పాత ఆసుపత్రి నుంచి మొదటి వార్డు కొత్త భవనంలోకి మారాలి. మొదటి వార్డు ఏదనుకున్నారు? నెలలు నిండకుండా పుట్టిన పసిపిల్లల వార్డు. దాని హెడ్ నర్సు మా కోడలు.

సోమవారం సాయంత్రం డ్యూటీ దిగి వచ్చి, చెప్పులు విప్పుతూనే మొదలుపెట్టింది.

"మామయ్యా, మీ కొత్త భవనంలో ఐదో అంతస్తు చూసొచ్చాను. గదులు బాగున్నాయి. కిటికీలు బాగున్నాయి. ఆ ఈల వేసే మనిషిని మాత్రం పంపించేయండి, పిల్లలు నిద్రపోరు."

"ఈల వేసే మనిషెవరమ్మా?"

"నాకేం తెలుసు? గోడ వెనకాల ఎక్కడో పని చేసుకుంటున్నాడు. తూర్పు చివర, కిటికీ పక్క మంచం దగ్గర నిలబడితే బాగా వినిపించింది. రెండు పొట్టి ఈలలు, ఒక పొడుగు ఈల. మళ్ళీ రెండు పొట్టి, ఒక పొడుగు. 'ఏవండీ' అని పిలిస్తే ఆపేశాడు. మనిషి మాత్రం బయటికి రాలేదు."

చేతిలో ఉన్న టీ గ్లాసు కింద పెట్టాను. కొంచెం గట్టిగానే పెట్టినట్టున్నాను, మా అబ్బాయి లోపలి గదిలోంచి తొంగిచూశాడు.

రెండు పొట్టి, ఒక పొడుగు. ఆ ఈల నాకు తెలుసు. మా గ్యాసు పైపుల ఇంజనీరుది. ఆసుపత్రిలో ప్రతి మంచం తల దగ్గర గోడకు బిగించి ఉంటాయే, ప్రాణవాయువు వచ్చే మూతి ఒకటి, మామూలు గాలి వచ్చే మూతి ఒకటి, వాటి పైపులన్నీ ఆయన పరిధి. బక్కపలచని మనిషి. ఒక ప్లాస్టిక్ బకెట్టు బోర్లించి, దాని మీద కూర్చుని, గోడకు చెవి ఆనించి గంటల తరబడి వింటుండేవాడు. పైపులో ఏమైనా అనుమానం వస్తే ఈల వేసేవాడు. అందరూ ఈలలాయన అనేవారు.

ఆయన పోయి ఎనిమిది నెలలైంది. కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే గుండె ఆగి పోయాడు.

"ఏంటి మామయ్యా, అలా అయిపోయారు?"

"ఏం లేదమ్మా. పంపించేస్తాలే."

"ఆ కిటికీ పక్క మంచం ఇరవై నాలుగోది. నర్సుల బల్లకి దగ్గర. అందరిలోకీ బక్క పిల్లని అక్కడే పెడతాం, కళ్ళ ముందుంటుందని. ఇప్పుడు పాత వార్డులో ఒకమ్మాయి ఉంది, కిలో కూడా లేదు. మీ రిజిస్టరులో మా అంతస్తు గురించి ఏమైనా ఉందా?"

"నా పేజీలో మీ అంతస్తు పేరే లేదు. నిశ్చింతగా పడుకో" అన్నాను. నేను కాలరెగరేసిన ఆఖరిసారి అదే.

మంగళవారం ఆఫీసుకు వెళ్ళగానే రిజిస్టరు తెరిచి ఐదో అంతస్తు అని వెతికాను. నూట పదమూడో లైను దొరికింది. 'తూర్పు చివర గోడను జరిపి ఇరవై నాలుగో మంచానికి చోటు చేసిన సందర్భంలో, ప్రాణవాయువు పైపు, మామూలు గాలి పైపు తారుమారై ఉండవచ్చు. మంచం దగ్గర పిల్లకు ప్రాణవాయువుకు బదులు మామూలు గాలి అందవచ్చు.' నివారణ: గోడ జరిపాక ప్రతి మూతి దగ్గరా మీటరు పెట్టి మళ్ళీ పరీక్షించడం. నివారణకు ముందు మార్కులు ఇరవై. తర్వాత పది. బాధ్యుడు: గ్యాసు పైపుల ఇంజనీరు.

ఆ పది చూశాక నాకు విషయం అర్థం కావడం మొదలైంది. పన్నెండుకు తక్కువ కాబట్టి అది ఏనాడూ నా పేజీ ఎక్కలేదు. కానీ పరీక్ష అయ్యాక పది కావాలి, పరీక్ష కాకముందే ఎవరో పది వేసేశారు. మందు కొనకముందే జ్వరం తగ్గిందని రాసుకున్నట్టు!

దాని కింద జవాబుల చరిత్ర ఉంటుంది. తెరిచాను.

'తూర్పు చివర ఇంకా చూడలేదు. వచ్చే నెల చూస్తాను.' ఇది ఈలలాయన బతికుండగా రాసిన ఆఖరి జవాబు.

ఆ తర్వాతి నెల: 'తూర్పు చివర ఇంకా చూడలేదు. వచ్చే నెల చూస్తాను.' ఆ తర్వాతి నెల కూడా అదే. ఆ తర్వాతదీ అదే. ఏడు నెలలు, ఏడుసార్లు, అక్షరం పొల్లుపోకుండా. ప్రతిసారీ పక్కన ఆయన పేరు, కొత్త తేదీ. ప్రతిసారీ గడువు ఇంకో నెల పొడిగింపు. గడువు ఎప్పుడూ దాటలేదు కాబట్టి గడువు దాటిన పనుల్లోకీ రాలేదు. చనిపోయినాయన చేత నెలనెలా 'వచ్చే నెల చూస్తాను' అనిపించింది ఎవరు? తాత సూత్రం. ఇంకెవరో కాదు, నేనే.

సిగ్గు పడాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. ఆయన పోయిన నెల కమిటీ మినిట్సు తీసి చూశాను. మొదటి అంశంలో 'గ్యాసు పైపుల ఇంజనీరు మృతికి రెండు నిమిషాలు మౌనం' అని నా చేత్తోనే టైపు చేశాను. అదే రోజు, అదే చేత్తో, ఆయన పనులన్నీ 'జరుగుతున్నాయి' అని రాసిన రిజిస్టరును పదిలంగా దాచిపెట్టాను.

ఇంతవరకూ తప్పు నాదే కాబట్టి భయం లేదు. మనిషి చేసిన తప్పుకు మనిషి భయపడతాడా? భయం ఎనిమిదో జవాబు దగ్గర మొదలైంది. పోయిన వారం తేదీతో ఉంది అది.

'తూర్పు చివర ఇంకా చూడలేదు. కిటికీ పక్క మంచం ముందు చూడాలి.'

మూడుసార్లు చదివాను. నా సూత్రం పాత జవాబును మక్కీకి మక్కీ దింపుతుందే తప్ప, సొంతంగా ఒక్క ముక్క రాయడం దానికి చేతకాదు. మెడ వెనకాల ఎవరో తడి గుడ్డ వేసినట్టయింది. పక్క గదిలో జనరేటరు కూడా ఆ నిమిషంలోనే ఆగింది.

తర్వాత తెలిసిందిలెండి, ఈలలాయనకు ఒక అసిస్టెంటు ఉండేవాడని, గురువుగారి పాస్‌వర్డు అతని దగ్గరుందని, పాపం ఆ పని మిగిలిపోయిందని బాధపడి అతనే ఆ ముక్క చేర్చాడని. కానీ ఆ మంగళవారం నాడు ఆ సంగతి నాకు తెలియదు.

మిట్టమధ్యాహ్నం పన్నెండుకు ఐదో అంతస్తుకు వెళ్ళాను. పట్టపగలు కదా అని ధైర్యం. లిఫ్టు తలుపులు తెరుచుకోగానే కొత్త రంగు వాసన. పొడుగాటి గది. ఇరవై నాలుగు బుల్లి మంచాలు, అన్నిటి మీదా ప్లాస్టిక్ కవర్లు కప్పి ఉన్నాయి. ఏసీ గాలికి ఆ కవర్లన్నీ కొంచెం పైకి లేచి, కొంచెం కిందికి దిగుతున్నాయి. ఇరవై నాలుగూ ఒకే లయలో. లోపల ఎవరో పడుకుని ఊపిరి తీస్తున్నట్టు. నేను మాత్రం ఊపిరి బిగబట్టాను.

గోడకున్న మూతులన్నిటికీ తెల్ల కాగితాలు అంటించి ఉన్నాయి. నేల మీద సన్నటి సిమెంటు ధూళి. నా చెప్పుల గుర్తులు తప్ప ఇంకేమీ లేవు. మా కోడలు వచ్చింది నిన్ననే, మరి ఆమె గుర్తులేవి అంటారా? ఊడ్చేవాళ్ళు పొద్దున వచ్చి ఊడ్చి ఉంటారు, పై అంతస్తులో కోత యంత్రం తిరుగుతుంటే మళ్ళీ ధూళి పడి ఉంటుంది. నేను మరీ అంత అమాయకుణ్ణేం కాదు.

ఇరవై నాలుగో మంచం దగ్గర గోడ వారగా ఒక ప్లాస్టిక్ బకెట్టు బోర్లించి ఉంది. దాని చుట్టూ ధూళి. దాని పైన మాత్రం లేదు. మనిషి కూర్చుని లేచినంత మేర తుడిచినట్టు శుభ్రంగా ఉంది.

అప్పుడు వినిపించింది. రెండు పొట్టి, ఒక పొడుగు.

గోడలోంచే. నా నడుము ఎత్తులో. మంచంలోని పిల్ల తల ఉండే చోటుకి జానెడు దూరంలో.

"సార్" అన్నాను. 

ఈల ఆగింది. ఇరవై నాలుగు కవర్లూ ఒక్కసారి కిందికి దిగి, అలాగే ఉండిపోయాయి.

నేను పరుగెత్తానని చెప్పడం నాకు గౌరవం కాదు. లిఫ్టు కోసం ఆగకుండా మెట్ల మీద నుంచి ఐదు అంతస్తులు, ఆ పైన నేలమాళిగకు ఇంకొకటి, మోకాళ్ళ నొప్పి సంగతి మరిచిపోయి దిగానని మాత్రం చెబుతాను.

కిందికి రాగానే పేజీ తిరగరాశాను. నూట పదమూడో లైనుకు ఇరవై మార్కులు వేసి అన్నిటికంటే పైన పెట్టాను. పేర్ల బోర్డుల రిస్కు ఏడో స్థానంలోంచి కిందికి పోయింది, పోనీ. బాధ్యుడు అన్నచోట 'ఎవరూ లేరు' అని రాశాను. నివారణ అన్నచోట 'మొదలే కాలేదు'. గడువు మొదట ఎప్పుడు పెట్టారో ఆ తేదీ వేసి, 'ఎనిమిది నెలలు దాటింది' అన్నాను. రాస్తుంటే ఇంకో అనుమానం వచ్చి నా సూత్రం ఇంకెన్ని లైన్లలో నోరు తెరిచిందో లెక్క తీశాను. మూడు నెలలకు పైగా మనిషి జవాబు లేనివి ఇంకా పదకొండు తేలాయి. పేజీ అడుగున ఆ ముక్కా రాశాను.

బుధవారం మా ప్రాజెక్టు మేనేజరు, పొడుగు సారు, ఆ పేజీ పట్టుకుని నా బల్ల దగ్గరికొచ్చాడు. ఆయన తల మా గదిలో ట్యూబులైటుకు తగులుతుంది.

"ఏంటిది తాతగారూ? మొన్నటిదాకా పది మార్కులున్నది ఇవాళ ఇరవై ఎలా అయింది? పిల్లలు పెట్టిందా?"

"పది ఎప్పుడూ లేదు సార్. పరీక్ష చేస్తే పది. చెయ్యలేదు కదా, అందుకే ఇరవై."

"ఈ ఆదివారమే వార్డు మారాలి. రేపు కమిటీలో అందరూ సరే అనడానికి వస్తున్నారు. ఇప్పుడు నెత్తిన ఎర్ర గడి పెడితే ఎవడైనా సరే అంటాడా? నారింజ రంగులో పెట్టి, 'జరుగుతోంది' అని రాయండి. మూతులన్నీ పాసైనట్టు సర్టిఫికెట్ ఎలాగూ ఉంది."

"గోడ జరపకముందుది సార్ ఆ సర్టిఫికెట్."

"మరి బాధ్యుడు ఎవరూ లేరని రాయడమేంటండీ? పెద్దల ముందు అలా రాస్తారా?"

"ఉన్నారని రాస్తే, రేపు వాళ్ళు పిలవమంటారు సార్. మీరు వెళ్ళి పిలుచుకొస్తారా ఆయన్ని?"

పొడుగు సారు పేజీ నా బల్ల మీద పెట్టాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"ఇన్నాళ్ళూ ఎందుకు కనబడలేదని అడుగుతారు. మీ సూత్రం సంగతి బయటపడుతుంది. రెండు నెలల్లో మీ ఒప్పందం రెన్యూవల్‌కొస్తుంది. ఆలోచించుకోండి."

ఆలోచించుకున్నాను. నాకు వచ్చిన ఆలోచనల్లో సగం పిరికివే. సూత్రం సంగతి దాచి, లైను ఒక్కటి పైకి తెస్తే సరిపోదా అనుకున్నాను. ఎవరిమీదైనా తోసేద్దామా అనుకున్నాను, పోయినాయన ఉన్నాడుగా, ఎదురు చెప్పడు. ఆ మాట అనుకున్న మరుక్షణం కిటికీ లేని ఆ నేలమాళిగ గదిలో నా పేజీ బల్ల అంచు దాకా జరిగింది. ఫ్యాను గాలికే. ఫ్యాను గాలికే అయ్యుంటుంది.

పేజీ మార్చలేదు.

గురువారం పదకొండింటికి కమిటీ. అధ్యక్షురాలు పెద్ద డాక్టరమ్మ. కళ్ళద్దాలు ముక్కు చివర పెట్టుకుని, కాగితం మీద వేలు పెట్టి చదువుతుంది. బల్ల చివర వార్డుల తరఫున మా కోడలు కూర్చుంది. నన్ను చూసి తల కొంచెం ఊపింది. పేజీ ఇంకా చూడలేదు కాబోలు.

డాక్టరమ్మ వేలు మొదటి లైను దగ్గరే ఆగిపోయింది.

"ఇది ఎవరిది?"

మిగతావాళ్ళందరికీ అకస్మాత్తుగా బల్ల నునుపు మీద ఆసక్తి కలిగింది.

"అడుగుతున్నది మీ అందర్నీ. బాధ్యుడు ఎవరూ లేరు అంటే అర్థమేంటి?"

కాంట్రాక్టరు గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, అన్ని మూతులూ పాసైనట్టు సర్టిఫికెట్ ఉంది. ఫైల్లోనే ఉంది."

"తేదీ?"

ఆయన చెప్పాడు.

"గోడ జరిపింది?"

ఆయన ఫైలు తిరగేయడం మొదలుపెట్టాడు. పొడుగు సారు ట్యూబులైటు కేసి చూస్తూ చెప్పాడు. సర్టిఫికెట్ తర్వాత ఆరు వారాలకు.

"అంటే ఇరవై నాలుగో మంచం పుట్టకముందే అది పాసైందన్నమాట!" డాక్టరమ్మ కళ్ళద్దాలు తీసింది. "ఆ మంచం మీద ఎవరుంటారు?"

"ఇప్పుడైతే ఒక పాప ఉందమ్మా" అంది మా కోడలు. ఆమె పేజీ చదవడం అప్పుడే అయింది. నా వైపు చూడలేదు. "తొమ్మిది వందల గ్రాములు. ప్రాణవాయువు లేకుండా పది నిమిషాలు కూడా ఆగదు. పైపు మీద ప్రాణవాయువు అని రాసుంటే, పాప నీలంగా మారినా మేం పైపుని అనుమానించం. పాపనే అనుమానిస్తాం."

డాక్టరమ్మ నా వైపు తిరిగింది. 

"తాతగారూ, ఎనిమిది నెలలుగా ఈ పేజీ మీరే తెస్తున్నారు. ఇది నాకెందుకు కనబడలేదు?"

నిలబడ్డాను. "నా వల్లేనమ్మా. జవాబు రాకపోతే పాత జవాబు ఎక్కించి, గడువు జరిపే సూత్రం పెట్టాను. ఖాళీ గడి ఉంటే మీరు కోప్పడతారని. ఆ మనిషి పోయాక కూడా ఆయన చేత జవాబు చెప్పించాను. చేయని పనికి మార్కులు తగ్గించి ఉంటే, అది కూడా పట్టుకోలేదు."

డాక్టరమ్మ కళ్ళద్దాలు మళ్ళీ ముక్కు మీద పెట్టుకుంది. "ఖాళీ గడికి కోప్పడ్డది మేమే" అంది, ఎవరితోనూ కాదన్నట్టు. ఆపైన గొంతు మార్చింది. "ఆదివారం మార్పు మీద నిర్ణయం ఇప్పుడు కాదు. ముందు పరీక్ష. మన కాంట్రాక్టరు మనుషులు కాదు, బయటివాళ్ళు చేయాలి. అప్పటిదాకా ఇది నాది. బాధ్యుడు దగ్గర నా పేరు రాయండి."

పరీక్ష శుక్రవారం మధ్యాహ్నం జరిగింది. బయటి నుంచి వచ్చిన పరీక్షకురాలు, చేతిలో మీటరు. ముందు ప్రాణవాయువు పైపులోకి మాత్రమే వాయువు వదిలి, ఒక్కో మూతి దగ్గరా మీటరు పెట్టి చదువుతోంది. నేను రాసుకుంటున్నాను. మొదటి మంచం, తొంభై తొమ్మిది శాతం ప్రాణవాయువు. రెండు, తొంభై తొమ్మిది. కవర్లు తీసేసిన మంచాలు ఖాళీగా, బుద్ధిగా ఉన్నాయి. బకెట్టు అక్కడ లేదు. ఎవరు తీశారని ఎవర్నీ అడగలేదు. ఇరవై మూడు, తొంభై తొమ్మిది.

ఇరవై నాలుగో మంచం దగ్గర ప్రాణవాయువు మూతిలోంచి ఏమీ రాలేదు. పక్కనున్న మామూలు గాలి మూతి బుస్సుమంది. ఆ తర్వాత రెండు పైపులూ తెరిచి చూశారు. ప్రాణవాయువు అని రాసున్న మూతి దగ్గర మీటరు ఇరవై ఒకటి చూపింది.

"ఇరవై ఒకటంటే?" అన్నాను.

"మీరూ నేనూ ఇప్పుడు పీలుస్తున్న గాలే" అంది ఆవిడ. "ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి చాలు."

గోడ పగలగొట్టారు. రెండు పైపులూ గోడ వెనక ఒకదాని చోటు ఒకటి పట్టుకుని ఉన్నాయి. అతుకు దగ్గర సూది మోపినంత కంత, దానిలోంచి గాలి సన్నగా కారుతోంది. అదేనండీ ఈల అన్నారు అందరూ. పైపుకు రెండు పొట్టి, ఒక పొడుగు అని ఎవరు నేర్పారో మాత్రం ఎవరూ చెప్పలేదు.

వార్డు మూడు వారాలు ఆలస్యంగా మారింది. ఈలోపు ఆ తొమ్మిది వందల గ్రాముల పిల్ల కిలో దాటింది, మారాక ఇరవై నాలుగో మంచం ఎక్కి, అక్కడినుంచి వాళ్ళమ్మ ఒళ్ళోకి వెళ్ళింది. మా కోడలు నాతో నాలుగు రోజులు మాట్లాడలేదు. ఐదో రోజు టీ గ్లాసు నా ముందు పెట్టి, "మీ పేజీలో మా అంతస్తు పేరు చూసి ప్రాణం లేచొచ్చింది మామయ్యా" అంది. నాకు అంతకుమించిన రెన్యూవల్ అక్కర్లేదు. అయినా రెన్యూవల్ కూడా చేశారు, తాత సూత్రం తీసేస్తాననే షరతు మీద. ఇప్పుడు నా పట్టికలో జవాబు లేని గడులు తెల్లగా, పళ్ళు రాలిన నోరులా ఉంటాయి. కమిటీ వాటి మీదే ముందు వేలు పెడుతుంది.

కాబట్టి మొదట్లో కోసిన గొప్ప వెనక్కి తీసుకుంటున్నాను. ఒక్క లైను జారిపోలేదన్నాను కదా? పన్నెండు జారిపోయాయి. ఎద్దులైతే పట్టుకునేవి.

మీరు ఇప్పుడు నన్ను అడగబోయేది నాకు తెలుసు. ఈ ముసలాడు ఇందులో ఎంత కల్పించాడు? బకెట్టా? కవర్లా? ఈలా? చెప్పేస్తాను. కల్పించింది ఒక్కటే. మా కోడలికి చాలాకాలం ఆ ఐదో అంతస్తులోనే డ్యూటీ. ఆమె భయపడకూడదని అప్పట్లో ఒక ముక్క చేర్చాను, అదే అలవాటై మీకూ చెప్పాను. ఇప్పుడు ఆమెను కింది అంతస్తుకు మార్చారు కాబట్టి ఫరవాలేదు.

ఈలలాయనకు అసిస్టెంటు ఎవరూ లేరు.